వెనకనుంచి కనిపించే జోకరు

రమ్మీలో జోకరుని ఎవరూ పారెయ్యరు. ఆట ఎంత చేజారిపోతున్నా, చేతికొచ్చిన జోకరు షో పడేదాకా ఆ చేతిలోనే ఉంటుంది. మిగతా ముక్కలు అలా కాదు. వస్తాయి, రెండు చుట్లు ఉంటాయి, పనికిరావని తేలితే కింద పడతాయి. బొమ్మ జోకరు మాత్రం ప్రతి ఆటలోనూ ఎవరిదో ఒకరి గుప్పిట్లో, మిగతా ముక్కలన్నిటికంటే ఎక్కువసేపు నలుగుతుంది. అందుకే ఏ ఇంట్లో పేక అయినా అరగడం మొదలైతే, ముందు అరిగే వాటిలో ఆ బొమ్మ ముక్కలు ఉంటాయి.

ఈ సంగతి నాకు చెప్పింది కాకినాడలో మా అత్తయ్య. అప్పటికి నా దగ్గర ఒక అనుమానం ఉంది. ఆ అనుమానానికి ఒక మనిషి ముఖం కూడా ఉంది.

మావయ్యగారింట్లో ఆదివారం సాయంత్రాలు పేకాట నడుస్తుంది. మావయ్య, అత్తయ్య, బావ, లెక్కల మాస్టారు, ఎదురింటాయన. నేను ఊరికి వెళ్ళినప్పుడల్లా ఆరో చెయ్యి. రెండు పేకలు, పేకకో బొమ్మ జోకరు చొప్పున మొత్తం 106 ముక్కలు. డబ్బు మాటే ఉండదు. 101 ఆట. మొదట్లోనే డ్రాప్ అయితే 20, ముక్క ఎత్తాక మధ్యలో వెళ్ళిపోతే 40, చివరిదాకా కూర్చుని ఏమీ కలవకపోతే 80. 101 చేరి ముందుగా అవుటైనవాళ్ళు వచ్చే ఆదివారం కాజాలు తేవాలి. బావ చాలా కాలంగా కాజాలు తెస్తున్నాడు. కొట్టువాడు అతన్ని చూడగానే అడక్కుండానే పొట్లం కట్టేంత కాలంగా.

నేను కూర్చునే చోటికి ట్యూబులైటు పక్కనుంచి పడుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న ముక్కల మీద ఎదురుగా పడే వెలుతురులో కనిపించనివి, ఏటవాలుగా పడితే కనిపిస్తాయి. మాస్టారు ముక్కలు విప్పి పట్టుకున్నప్పుడు వాటి వెనకవైపు నాకు ఎదురుగా ఉంది. ఒక ముక్క పైమూలలో గోరంత అర్ధచంద్రం తళుక్కుమంది. షో పడ్డాక ఆ ముక్క జోకరని తెలిసింది. తర్వాతి ఆటలో అదే మచ్చ మావయ్య చేతిలో కనిపించింది. అదీ జోకరే. మూసిన కట్ట మీద ఒకసారి పైకొచ్చింది. ఎత్తిన బావ ముఖం చూస్తే చాలు, వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇలాంటి మచ్చ వల్ల ఏం ఒరుగుతుందో పేకాడని వాళ్ళకి చెప్పాలి. కట్ట మీది ముక్క జోకరని ముందే తెలిస్తే, కింద పడ్డ ముక్క ఎత్తాలా, కట్టలోంచి తియ్యాలా అన్న సందేహం ఉండదు. ఇది అందరికీ తట్టే లాభమే. కానీ అలాంటి అవకాశం ఎప్పుడో ఒకసారి వస్తుంది. అసలు లాభం డ్రాప్ దగ్గరుంది. పంచడం అయ్యాక, నా చెయ్యి అటూ ఇటూ కాకుండా ఉన్నప్పుడు, 20 ఇచ్చి పక్కకు తప్పుకోవాలా, 80 దాకా పోయినా సరే కూర్చోవాలా అన్నదే ఆ ఆటలో పెద్ద నిర్ణయం. ఎదుటివాళ్ళ చేతుల్లో రెండు బొమ్మ జోకర్లూ ఉన్నాయని తెలిస్తే 20 ఇచ్చేస్తాం. ఎవరి దగ్గరా లేవంటే ధైర్యంగా కూర్చుంటాం. సాయంత్రం మొత్తం మీద మూడు నాలుగుసార్లు ఈ నిర్ణయం సరిగ్గా తీసుకున్నవాడు అవుటవ్వడు. కాజాలు తేవాల్సిన అవసరమూ రాదు.

ఎదురింటాయన డ్రాపులు బ్రహ్మాండంగా ఉండేవి. పంచగానే తన ముక్కలు సర్దుకునే ముందు ఒకసారి చుట్టూ అందరి చేతులూ చూసేవాడు. ఆ తర్వాతే తన చెయ్యి. నేను మచ్చ చూడకముందు అది ఆయన అలవాటు. చూశాక అది నాకు సాక్ష్యమైపోయింది.

అయితే అక్కడే ఇంకో సంగతి జరిగింది. ఒక ఆటలో నా చెయ్యి మధ్యస్థంగా వచ్చింది. మామూలుగా అయితే కూర్చునేదాన్ని. మాస్టారి చేతిలో ఒక అర్ధచంద్రం, మావయ్య చేతిలో ఒకటి కనిపించాయి. డ్రాప్ అన్నాను. ఆ ఆటలో మాస్టారు నాలుగో చుట్టులోనే షో చెప్పారు. 20తో బయటపడ్డాను. నేను ముక్కలకి ఏ గీతా పెట్టలేదు, ఎవరి ముక్కలూ వంగి చూడలేదు. ఎదురుగా ఉన్నదాన్ని కళ్ళు చూశాయి, అంతే. కానీ ఆ పూట ఎదురింటాయన ఏం చేస్తున్నాడని నేను అనుకుంటున్నానో, సరిగ్గా అదే నేను చేశాను.

ఫిల్ ఐవీ కథ అప్పటికే చదివి ఉన్నాను కాబట్టి అది గుర్తొచ్చింది. ఆయన పేరున్న పోకర్ ఆటగాడు. 2012లో లండన్‌లోని క్రాక్‌ఫర్డ్స్ అనే క్యాసినోలో పుంటో బాంకో అనే ఆటలో దాదాపు 77 లక్షల పౌండ్లు గెలిచాడు. అక్కడి ముక్కల వెనక డిజైను అంచుల దాకా ఉండేది. ఫ్యాక్టరీలో కోతలో వచ్చిన వెంట్రుకవాసి తేడా వల్ల ఒక అంచున డిజైను ఒకలా, ఎదుటి అంచున ఇంకోలా తెగింది. ఐవీతో వచ్చిన ఆవిడ, అదృష్టం కోసమన్నట్టుగా, మంచి ముక్కలు వచ్చినప్పుడు వాటిని తిప్పి పెట్టమని పంచేవాళ్ళని అడుగుతూ వచ్చింది. కాసేపటికి మంచి ముక్కలన్నీ ఒక వైపుకి, మిగతావన్నీ ఇంకో వైపుకి తిరిగి ఉన్నాయి. ఆ తర్వాత వెనకవైపు చూసి పందెం కట్టడమే. క్యాసినో గెలుపు డబ్బు ఇవ్వలేదు. కేసు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2017లో తేలింది. తాను చేసింది మోసం కాదని ఐవీ నిజంగానే నమ్మాడని కోర్టులు ఒప్పుకున్నాయి. అయినా అది మోసమేనని తీర్పు వచ్చింది. ముక్క మీద ఆయన చెయ్యి కూడా పడలేదు మరి.

మన వైపు రమ్మీకి కూడా ఒక సుప్రీంకోర్టు తీర్పు ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో వచ్చింది. రమ్మీలో ప్రధానంగా ఉన్నది నైపుణ్యమేనని కోర్టు అంది. పడ్డ ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవాలి అన్నది అందులో చెప్పిన కారణం. ముక్క వెనకనుంచే పలుకుతుంటే ఆ గుర్తుపెట్టుకోవడానికి విలువేముంది? మావయ్య పడ్డ ముక్కలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఆడతాడు. ఆయన పడే ఆ శ్రమంతా నేను ట్యూబులైటు పుణ్యమా అని దాటేశాను.

ఆ రాత్రి వంటింట్లో అత్తయ్యకి చెప్పాను. ఎదురింటాయన సంగతి కూడా చెప్పబోయాను.

"ఆ మాట తర్వాత. మచ్చ ఏ ముక్క మీద, ఏ మూల, లోపలికా పైకా, అది చెప్పు ముందు" అంది అత్తయ్య. నేను చెప్పలేకపోయాను. "అయితే రేపు చూద్దాం. అప్పటిదాకా ఆయన ఎదురింటాయనే."

మర్నాడు మధ్యాహ్నం రెండు పేకలూ మంచం మీద పెట్టుకుని కూర్చుంది. పక్కన బావ. అత్తయ్య పేక చూసే పద్ధతి నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

ముందు కట్టని నాలుగు వైపులా తట్టి సమం చేసి, అంచుల్ని చూసింది. తెల్లగా ఉండాల్సిన అంచు జిడ్డుకి నల్లబడుతుంది. మొత్తం ఒకేలా నల్లబడితే ఫరవాలేదు. మధ్యలో ఒక ముక్క అంచు తెల్లగా మెరిసినా, ఒకటే మరీ నల్లగా ఉన్నా అది వేరుగా తెలిసిపోతుంది. వంగిన ముక్కలున్న చోట కట్టలో సన్నని సందు కనిపిస్తుంది. తర్వాత కట్టని ఎడమచేతిలో వెనకవైపు పైకి ఉండేలా పట్టుకుని, కుడి బొటనవేలితో మూలని జారవిడుస్తూ చూసింది. చూపు ఒక్క మూల మీదే నిలిపితే, డిజైను కదలకుండా ఉంటుంది. ఎక్కడైనా మచ్చ, రంగు మరక, కలిపి దిద్దిన గీత ఉంటే, అది అక్కడ గెంతినట్టు కనిపిస్తుంది. ఆ మూల అయ్యాక కట్టని తలకిందులు చేసి రెండో మూల. ఆఖరున కిటికీ వెలుగులో ఒక్కో ముక్కని ఏటవాలుగా పెట్టి చూడడం.

వేరుగా తెలిసిన ముక్కల్ని బొమ్మ చూడకుండా పక్కన పెట్టించింది. ఇది ముఖ్యం. బొమ్మ చూస్తూ వెతికితే, జోకరు మీద ప్రతి గీతా పెద్దదిగా, కళావరు మూడు మీద ప్రతి గీతా మామూలుగా కనిపిస్తుంది. ముందు ఏరాలి, తర్వాతే తిప్పాలి.

పదిహేడు ముక్కలు వచ్చాయి. తిప్పితే పద్నాలుగు మూల వంగినవీ, పగిలినవీ. ఆటీను రెండు, డైమను తొమ్మిది, కళావరు జాకీ, ఇస్పేటు అయిదు, ఇలా ఏ వరసా లేకుండా. పూత పగిలిన చోట సన్నని తెల్లగీత, ఇంక అది పోదు. పూత పగలకుండా వంగిన ముక్కనైతే ఎదురు వంచి, రాత్రంతా బరువు కింద పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఇవి చేతులు మారి, నేల మీద జారి, ఎవరి మోకాలి కిందో పడి పాడైనవి. వీటిని చూసి ఏ ముక్కో చెప్పమంటే బావ ఒక్కటీ చెప్పలేకపోయాడు. కనిపించడం వేరు, పలకడం వేరు. ముక్క వెనక చూసి ముందున్నది ఏమిటో చెప్పగలిగినప్పుడే ఆట చెడుతుంది.

పదిహేనోది ఇస్పేటు ఏడు. అది వేరే పేకలోది. అసలు ఏడు ఎప్పుడో పోతే, దాని చోట పాత పేకలోంచి తెచ్చి పెట్టారు. నీలం ఒక పిసరు ముదురు, ముక్క కాస్త మందం. దాన్ని అందరూ "కోడలు" అంటారు. కట్ట మీదికి వస్తే "కోడలొచ్చింది" అని ఎవరో ఒకరు అంటారు, అందరూ నవ్వుతారు. మొత్తం పేకలో అన్నిటికంటే స్పష్టంగా గుర్తుపట్టగలిగిన ముక్క అదే. దాని గురించి ఎవరూ ఎవరినీ అనుమానించలేదు. ఎందుకంటే అది అందరికీ తెలుసు, అందరికీ తెలుసని కూడా అందరికీ తెలుసు.

మిగిలినవి రెండు జోకర్లు. రెండింటికీ పైమూలల్లో, తిప్పి పెట్టినా అదే చోట, గోటి నొక్కు. బొమ్మవైపు గుంట, వెనకవైపు ఉబ్బు.

"చూశావా!" అన్నాడు బావ. "రెండు చివర్లా ఒకేచోట. ఎటు తిప్పి పట్టుకున్నా కనబడాలని కదూ!"

అత్తయ్య పదమూడు ముక్కలు తీసి, చివర ఒక జోకరు పెట్టి, ఆటలో పట్టుకున్నట్టు పట్టుకుంది. బొటనవేలు బొమ్మవైపు ఉంది. గోరు మూలకి దగ్గర్లో ఉంది. "నేను జోకరు ఎప్పుడూ చివరే పెడతాను. ఎవరైనా అంతే. చెయ్యి బాగుంటే గట్టిగా పట్టుకుంటాం. పేకని కలిపేటప్పుడు సగం ముక్కలు తలకిందులవుతాయి కాబట్టి రెండు చివర్లా పడుతుంది. జోకరు కాబట్టి మరీ పడుతుంది, దాన్ని ఎవరూ వదలరు కదా." అప్పుడే ఆ మాట అంది. "కావాలని నొక్కేవాడు కూడా ఇలాగే, ముక్కలు పట్టుకున్నట్టే పట్టుకుని, బొటనవేలితో లోపల్నుంచే నొక్కుతాడు. ఈ గుంట చూసి వాడెవడో చెప్పలేం. అసలు వాడున్నాడో లేడో కూడా చెప్పలేం."

నాకది మింగుడుపడలేదు. మచ్చలు ఏ ముక్కల మీద ఉన్నాయో చూస్తే గుట్టు తెలిసిపోతుందని అనుకున్నాను. అరుగుదల అయితే అడ్డదిడ్డంగా ఉంటుంది, మోసమైతే పనికొచ్చే ముక్కల మీదే ఉంటుంది అని. చాలా ముక్కల విషయంలో అది నిజం. ఆసుల మీదో రాజుల మీదో మాత్రమే ఒకే రకం గీత ఉంటే నేనిప్పటికీ అరుగుదల అనుకోను. మూడు, ఆరు లాంటి ముక్కల్లాగే అవీ అవసరాన్ని బట్టి చేతులు మారతాయి, వాటికే ప్రత్యేకంగా నలిగే కారణం లేదు. కానీ జోకరు విషయంలో పనికొచ్చే ముక్కా, ఎక్కువ అరిగే ముక్కా ఒకటే. మోసానికీ అలవాటుకీ గుర్తు ఒకే చోట పడుతుంది.

బావకి అప్పుడొక ఉపాయం తట్టింది. ఈ జోకర్లు తీసేసి, మచ్చలేనివి పెట్టి, ఏ కళావరు మూడుకో డైమను నాలుగుకో అదే చోట గోటితో నొక్కుదాం. ఎదురింటాయన ఆ ముక్కని జోకరనుకుని తప్పుడు డ్రాప్ చేస్తే దొరికిపోతాడు.

"అప్పుడు ఆ పేకలో కావాలని ముక్కకి గుర్తు పెట్టింది ఎవర్రా?" అంది అత్తయ్య.

బావ మాట్లాడలేదు. ఆవిడ ఇంకో మాట కూడా అంది. ఒకవేళ ఆయన డ్రాప్ చేస్తే మాత్రం ఏం తెలుస్తుంది? అమ్మాయి కూడా ఆ మచ్చ చూసి డ్రాప్ చేసింది కదా, అంది. నా వైపు చూడకుండానే అంది కానీ, వంటింట్లో నేను చెప్పినదంతా ఆవిడ పట్టించుకుందని అర్థమైంది. మచ్చని చదవడం వేరు, పెట్టడం వేరు. ఆ వల రెండింటినీ కలిపి పట్టేస్తుంది, అందులో నేనూ పడతాను.

ఇక ఎలా చెప్పాలన్నది. ఈ విషయంలో అత్తయ్యకున్న స్పష్టత నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఆట మధ్యలో అనకూడదు. మధ్యలో అంటే అప్పుడు ఎవరి చేతిలో జోకరుందో వాళ్ళవైపు చూపులు పోతాయి, ఆ చెయ్యి పాడవుతుంది. ఓడిపోతూ అనకూడదు. ఎంత నిజమైనా ఓడినవాడి ఏడుపులా వినిపిస్తుంది. అందుకే బావ నోటినుంచి రానేకూడదు. ఒక్కరినే పక్కకి పిలిచి చెప్పకూడదు, ఆ పిలవడంలోనే ఆరోపణ ఉంది. "ఎవరో" అన్న మాట వాడకూడదు. "ఎవరో గోటితో నొక్కినట్టున్నారు" అనే వాక్యం ఎంత మెత్తగా పలికినా, గదిలో ఉన్న ప్రతివాళ్ళూ ఆ ఎవరో తానేనా అనుకుంటారు. లేదా ఎవరా అని చూస్తారు. మా ఊళ్ళోనే ఇంకో ఇంట్లో, ఏళ్ళ తరబడి నడిచిన ఆట ఇలాంటి ఒక్క "ఎవరో"తో ఆగిపోయింది. అక్కడ ఎవరి పేరూ ఎత్తలేదు, అందుకే ఎవరూ సమాధానం చెప్పుకోలేకపోయారు. వారానికొకరు చొప్పున రావడం మానేశారు.

ఆదివారం వచ్చింది. అందరూ కూర్చున్నారు. కాజాల పొట్లం మధ్యలో ఉంది. మావయ్య పేక కలపబోతుంటే అత్తయ్య చెయ్యి చాచింది.

"ఉండండి, ఈ పేక పనైపోయిందండీ. జోకర్లు నాకు వెనకనుంచే తెలిసిపోతున్నాయి."

అంటూనే రెండు జోకర్లూ తీసి, వెనకవైపు పైకి పెట్టి, మాస్టారికి ఇచ్చింది. "ఇదిగో ఈ మూల చూడండి మాస్టారూ, వెలుతురు ఇటు పడాలి. నేను చూడకూడదనుకున్నా కన్ను అక్కడికే పోతోంది. ఇంక నా ఆట ఆటలా లేదు."

ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ మాటల్లో మొత్తం పని చేసింది "నాకు" అన్న ఒక్క ముక్కే అనిపిస్తుంది. తెలిసిపోతున్నది ఎదుటివాళ్ళకి కాదు, తనకి. లాభపడుతున్నది తను. ఆ ఇంట్లో అందరికంటే బాగా ఆడే మనిషి, తనకి అక్కర్లేని ఒక వెసులుబాటుని వదులుకుంటోంది. దానికి కోపం తెచ్చుకోవడం ఎవరికీ కుదరదు. అబద్ధం కూడా లేదు అందులో. మర్నాటి పరీక్ష తర్వాత ఆవిడకీ అవి తెలిసిపోతున్నాయి, అందరం అదే చదువు చదివేశాం. రెండోది, ముక్కల్ని చేతికివ్వడం. మాటతో చెబితే నమ్మాలా వద్దా అన్నది వస్తుంది. ముక్క చేతిలో ఉంటే ప్రతివాళ్ళూ తమంతట తామే చూస్తారు. కోడలి సంగతి లాగే, మచ్చ అందరికీ ఒకేసారి తెలిసిపోయింది.

మాస్టారు కళ్ళజోడు పైకెత్తి చూసి మావయ్యకిచ్చారు. మావయ్య, ఆ తర్వాత ఎదురింటాయన. ఆయన వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అవునమ్మా, నేనూ చూశాను" అన్నాడు.

ఎప్పుడు చూశారని ఎవరూ అడగలేదు. బావ నోరు తెరిచాడు కానీ, అత్తయ్య అప్పటికే కాజా అతని చేతిలో పెట్టేసింది.

అంతవరకూ అయిన ఆటలు, పాత లెక్కలు, బావ తెచ్చిన కాజాలు, వీటిలో దేన్నీ తవ్వలేదు. కొత్త పేకలు రెండు ఆవిడ ముందే తెప్పించింది. రెండూ ఒకేచోట, ఒకేసారి కొన్నవి. ఎందుకంటే వేర్వేరు సమయాల్లో కొన్న పేకలు ఒకే రకమైనా, వెనకవైపు రంగు ఒక పిసరు తేడా రావచ్చు. కోడలికి పింఛను ఇచ్చేశాం.

ఇంకో మార్పు కూడా చెప్పింది. బొమ్మ జోకర్లు తీసేద్దాం, కోసి తీసిన జోకరుతోనే ఆడదాం, ఆట కాస్త గట్టిగా ఉంటుంది అని. ఎదురింటాయన మొదట సణిగాడు. బొమ్మ జోకరు లేకపోతే మజా ఏముంటుందన్నాడు. మాస్టారు లెక్క చెప్పారు. కోసినప్పుడు వచ్చిన ముక్క అంకెవి రెండు పేకల్లో కలిపి ఎనిమిది, అందులో ఒకటి కట్ట కింద బయటికి కనిపిస్తూ ఉంటుంది, ఆడడానికి ఏడు మిగులుతాయి. ఇంతకుముందు బొమ్మలతో కలిపి తొమ్మిది ఉండేవి. రెండు తగ్గితే కొంపలేం మునగవు.

ఆ మార్పులోని తెలివి నాకు ఆ రాత్రి ఆలోచిస్తే గానీ అందలేదు. కోసి తీసే జోకరు ప్రతి ఆటకీ మారిపోతుంది. ఇప్పుడు అయిదులు జోకర్లయితే, తర్వాతి ఆటలో రాణులు. ఒకడు తన చేతికొచ్చిన అయిదుని గోటితో నొక్కాడే అనుకుందాం. జోకరు కాబట్టి ఆ ఆటలో దాన్ని పారెయ్యడు, అది తన చేతిలోనే ఉంటుంది, కాబట్టి నొక్కి లాభం లేదు. తర్వాతి ఆటకి అది మామూలు అయిదు. అలవాటుగా నలిపేవాడి వల్ల కూడా నష్టం లేదు. నలుగుడు ఒక రెండు ముక్కల మీదే పడకుండా పేక మొత్తం మీద పరుచుకుంటుంది. మోసమా అలవాటా అన్న ప్రశ్నకి జవాబు దొరకలేదు. కానీ జవాబు ఏదైనా, ఇప్పుడు పరిహారం ఒకటే.

దీనికి హద్దులున్నాయి. పేకలో ప్రతి ముక్కకీ వెనక గుర్తుండేలా తయారుచేసిన పేకలుంటాయి, వాటి ముందు ఈ మార్పు నిలవదు. అక్కడ బొటనవేలితో జారవిడిచి చూడడం, ఇంటివాళ్ళే పేక కొని తేవడం, ఇవే దిక్కు. కొత్త పేకలో ఒకే సాయంత్రంలో, ఒకే రకం ముక్కల మీద మళ్ళీ అదే నొక్కు కనిపిస్తే, అరుగుదల అని సర్దిచెప్పుకోవడానికి వీల్లేదు. అంత తొందరగా ఏ పేకా అలా అరగదు. అప్పుడేం చేస్తావని అత్తయ్యని అడిగాను. "ఆదివారాలు గుడికెళ్తానని చెప్తా" అంది. కారణం చెప్పి ఆట ఆపడం ఆవిడ దృష్టిలో ఆట ఆపడం కాదు, తగువు మొదలుపెట్టడం. డబ్బు పెట్టి ఆడే చోట ఇది సరిపోదని నా అభిప్రాయం. అక్కడ పోయినవాళ్ళకి కారణం తెలిసే హక్కుంది. కాజాల ఆటకి సరిపోతుంది.

ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా ఎదురింటాయన డ్రాపులే చూస్తూ కూర్చునేదాన్ని. నిజం చెప్పాలంటే నా ఆట కంటే అవే ఎక్కువ చూసేదాన్ని. ఇప్పటికీ పంచగానే ఆయన చుట్టూ అందరి చేతులూ చూస్తాడు. కొన్నిసార్లు చక్కగా తప్పుకుంటాడు, కొన్నిసార్లు కూర్చుని 80 తింటాడు. కాజాల వంతు ఆయనకీ వచ్చింది, బావకీ వస్తూనే ఉంది. ఇదివరకటికంటే ఆయన డ్రాపులు తప్పుతున్నాయా అని మాస్టారిని అడిగాను, పేరు చెప్పకుండా, ఏదో లెక్క అడిగినట్టుగా. ఒక మనిషి డ్రాపులు అదృష్టమో, నేర్పో, ఇంకోటో తేల్చాలంటే ఎన్ని ఆటలు చూడాలి అని.

మాస్టారు కాసేపు ఆలోచించి, వందల మీద ఆటలు కావాలన్నారు. "అది తేలేసరికి ఈ పేకా అరిగిపోతుందమ్మా" అని, కొయ్యమని కట్ట నా ముందుకు తోశారు.